ఫిగ్మాలో కలర్ స్టైల్ మార్చాక కూడా కొన్ని బటన్లు, కార్డులు పాత రంగులోనే ఎందుకు ఉండిపోతాయి?

ప్రశ్న: ఫిగ్మాలో మా యాప్ మెయిన్ కలర్‌ని నీలం నుంచి టీల్‌కి మార్చమన్నారు. Primary అని ఒక కలర్ స్టైల్ ఉంటే అందులో రంగు మార్చాను. కొన్ని బటన్లు మారాయి, కొన్ని మారలేదు. కార్డుల్లో సగం పాత నీలంలోనే ఉన్నాయి. పక్క ఫైల్లో అసలేమీ మారలేదు. పైగా మారకూడని చోట ఒకటి రెండు మారిపోయాయి. ఒక్కొక్కటీ చేత్తో మార్చకుండా అన్నీ ఒకేసారి మారాలంటే ఏం చేయాలి?

సమాధానం:

ముందుగా ఆ స్టైల్‌ని మళ్ళీ పాత నీలానికి తెచ్చేయండి. రంగు మార్చడం ఈ పనిలో చిట్టచివరి అడుగు, మీరు దాన్ని మొదట చేశారు. పాత రంగు ఉండగానే బటన్లు, కార్డులు అన్నిటినీ సరైన స్టైల్‌కి తగిలించండి. ఒకే స్టైల్ రెండు మూడు పనులు చేస్తుంటే విడదీయండి. పబ్లిష్ చేసి, మిగతా ఫైళ్ళలో ఆ అప్‌డేట్ తీసుకోండి. అప్పుడు రంగు మార్చి రెండోసారి పబ్లిష్ చేయండి. చివరి అడుగుకి అర నిమిషం పడుతుంది. ముందు పనికి మాత్రం ఫైల్ ఎంత చిందరవందరగా ఉందో అంత సమయం పడుతుంది.

ఈ క్రమం ఎందుకంటే, పాత నీలం ఉన్నంతసేపు మీరు ఏం సర్దినా స్క్రీన్ మీద ఏమీ మారకూడదు. ఏదైనా మారి కనిపించిందంటే అక్కడ పొరపాటు చేశారని వెంటనే తెలుస్తుంది. రంగు ముందే మార్చేస్తే ఏది మారాల్సింది, ఏది మారకూడనిది, ఏది మీరు చెడగొట్టింది అన్నీ కలిసిపోతాయి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు మీలాగే చేసి, మూడు రోజులు "ఇదెందుకు నీలంగా ఉంది" అని చాట్‌లో మెసేజ్‌లు అందుకుంటూ గడిపాను.

మారనివి ఎందుకు మారలేదు

స్టైల్ అంటే రంగుకి పెట్టిన పేరు. ఏ లేయర్ ఆ పేరుని పట్టుకుని ఉందో అది మారుతుంది. అదే రంగు కోడ్ నేరుగా వేసి ఉన్న లేయర్‌కి ఆ పేరుతో సంబంధం లేదు. మీ కంటికి రెండూ ఒకే నీలం. ఫిగ్మాకి మాత్రం ఒకటి Primary, ఇంకోటి ఊరూ పేరూ లేని #2563EB. (మీ నీలం కోడ్ ఏదో నాకు తెలియదు కాబట్టి, నా ప్రాజెక్టులో ఉన్నదాన్నే ఉదాహరణగా వాడుతున్నాను.)

ఇలాంటివి పట్టుకోవడానికి ప్లగిన్ అక్కర్లేదు. ఒక పేజీలో Ctrl+A కొట్టి కుడి ప్యానెల్‌లో Selection colors అనే భాగం చూడండి. ఎంచుకున్నవాటిలో ఫిల్‌గా, స్ట్రోక్‌గా వాడిన రంగులన్నీ అక్కడ వరసగా ఉంటాయి. స్టైల్ తగిలించి ఉంటే స్టైల్ పేరు కనిపిస్తుంది, లేకపోతే హెక్స్ కోడ్ కనిపిస్తుంది. వరస మీద మౌస్ పెడితే గురి చూస్తున్నట్టుండే గుండ్రటి గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే ఆ రంగు వాడిన లేయర్లన్నీ సెలెక్ట్ అవుతాయి. రంగులు ఎక్కువుంటే జాబితా కుదించి ఉంటుంది, మొత్తం తెరిచి చూడండి. ఇది ఆ పేజీ వరకే పనిచేస్తుంది, కాబట్టి ప్రతి పేజీలోనూ విడిగా చూడాలి.

నేను అలా చూసినప్పుడు ఒకే నీలం నాలుగు వేషాల్లో కనిపించింది. Primary అనే స్టైల్ ఒకటి. పేరు లేని #2563EB ఒకటి. #2563EA అని ఒక్క అంకె తేడాతో ఇంకోటి, ఎవరో ఎక్కడో స్క్రీన్‌షాట్ మీద ఐడ్రాపర్ పెట్టి తీసుకున్నట్టున్నారు. నాలుగోది #2563EB కానీ 10% అపాసిటీతో, కార్డుల వెనక లేత నీలం కోసం. మీ కార్డుల్లో సగం మారకపోవడానికి కారణం ఈ నాలుగోదో రెండోదో అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. Selection colors‌లో ఆ #2563EB మీద నొక్కి, Primary స్టైల్ ఎంచుకుంటే ఒక్క దెబ్బతో అన్నీ తగులుకుంటాయి కదా అనిపిస్తుంది. తగులుకుంటాయి, నిజమే. కానీ ఆ సెలెక్షన్‌లో బటన్ మెయిన్ కాంపొనెంట్‌తో, అంటే అసలు నమూనాతో పాటు, దాన్నుంచి తీసి స్క్రీన్లలో పెట్టిన ఇన్‌స్టాన్స్‌లు కూడా వందల కొద్దీ ఉంటే, ప్రతి ఇన్‌స్టాన్స్ మీదా "ఈ రంగు నాకు విడిగా పెట్టారు" అనే ఓవర్‌రైడ్ పడుతుంది. ఇవాళ ఏమీ తేడా తెలియదు. రేపు మీరు మెయిన్ కాంపొనెంట్‌లో Primary తీసి వేరే స్టైల్ పెడితే ఆ ఇన్‌స్టాన్స్‌లు కదలవు, ఎందుకంటే వాటి రంగు ఇక మెయిన్ కాంపొనెంట్ నుంచి రావడం లేదు.

కాబట్టి ముందు కాంపొనెంట్లు ఉన్న పేజీలో మాత్రమే సరిచేయండి. అక్కడ కూడా ఒక కాంపొనెంట్ లోపల ఇంకో కాంపొనెంట్ ఉంటే, కార్డులో బటన్ లాగా, లోపలిదాన్ని దాని సొంత మెయిన్ కాంపొనెంట్‌లోనే మార్చండి. అది అయ్యాక స్క్రీన్లు ఉన్న పేజీకి వెళ్ళి మళ్ళీ Selection colors చూస్తే పేరు లేని నీలం చాలావరకు తనంతట తనే మాయమై ఉంటుంది. ఇంకా మిగిలినవి రెండే రకాలు. కాంపొనెంట్ వాడకుండా ఎవరో చేత్తో గీసిన డబ్బాలు ఒక రకం. ఇన్‌స్టాన్స్ మీద ఎవరో రంగు మార్చి వదిలేసినవి రెండో రకం.

చేత్తో గీసినవాటికి నేరుగా స్టైల్ తగిలించేయండి, వీలుంటే కాంపొనెంట్‌తో మార్చేయండి. ఓవర్‌రైడ్ అయినవాటికి రీసెట్ చేయడం మంచిది. కానీ Reset all changes నొక్కొద్దు. అది రంగుతో పాటు ఆ కార్డులో టైప్ చేసిన పేర్లు, ధరలు, ఫోటోలు అన్నీ తీసేసి మెయిన్ కాంపొనెంట్‌లో ఉన్న నమూనా టెక్స్ట్ పెట్టేస్తుంది. రంగు మార్చిన లేయర్‌ని ఎంచుకుని, దాని ఫిల్ ఒక్కటే రీసెట్ చేసే ఆప్షన్ వాడండి.

మారకూడనివి ఎందుకు మారాయి

మీ ప్రశ్నలో ఇది చివర్లో చిన్నగా రాశారు కానీ నా లెక్కలో అసలు సమస్య ఇదే. మారనిది వెతికి తగిలిస్తే సరిపోతుంది. మారకూడనిది మారిందంటే మీ స్టైల్ నిర్మాణంలోనే తేడా ఉంది.

నా ప్రాజెక్టులో Primary స్టైల్ నాలుగు చోట్ల ఉండేది: బటన్ ఫిల్, లింక్ అక్షరాలు, ఎంచుకున్న కార్డు చుట్టూ గీత, ఇంకా "మీ వివరాలు పరిశీలనలో ఉన్నాయి" లాంటి సమాచారం చూపించే పట్టీ. మొదటి మూడూ బ్రాండ్ రంగుతో పాటు మారాలి. నాలుగోది మారకూడదు. ఎందుకంటే ఆ యాప్‌లో పని విజయవంతమైతే ఆకుపచ్చ పట్టీ, సమాచారానికి నీలం పట్టీ. సమాచారం పట్టీ టీల్ అయిపోతే ఆకుపచ్చ పక్కన రెండూ ఒకేలా కనిపిస్తాయి. "పరిశీలనలో ఉంది" అన్నది "అయిపోయింది" అన్నట్టు అర్థమవుతుంది. మీకు మారకూడని చోట మారినవి కూడా ఇలాంటివే అయ్యుంటాయి.

మందు ఏమిటంటే, స్టైల్‌కి రంగును బట్టి కాకుండా చేసే పనిని బట్టి పేరు పెట్టడం. నేను చివరికి పెట్టిన పేర్లు ఇవి:

```
button/fill
button/fill-hover
text/link
card/border-selected
card/bg-tint
info/bg
```

పేరులో / పెడితే ఫిగ్మా వాటిని ఫోల్డర్లుగా చూపిస్తుంది. ఆ సమయానికి button/fill, text/link, card/border-selected, info/bg నాలుగిటిలోనూ అదే #2563EB ఉంది. ఒకే రంగుకి నాలుగు స్టైల్స్ ఎందుకని మా టీమ్‌లో ఒకాయన అడిగారు. రంగు మార్చిన రోజు మూడిటికి టీల్ వేసి info/bg ముట్టుకోకుండా వదిలేశాక ఆయన మళ్ళీ అడగలేదు.

విడదీసేటప్పుడు ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. పాత Primary ని డిలీట్ చేసి కొత్తవి పెట్టకండి. స్టైల్‌ని లేయర్లు పేరుతో కాదు, లోపలుండే ఒక గుర్తింపు నంబరుతో పట్టుకుంటాయి. పేరు ఎన్నిసార్లు మార్చినా లింకు తెగదు. డిలీట్ చేసి, అదే పేరుతో, అదే రంగుతో మళ్ళీ చేసినా అది వేరే స్టైలే. పాతదాన్ని పట్టుకున్న లేయర్లు కొత్తదాని వైపు చూడవు. పైకి రంగు అలాగే నిలిచి ఉంటుంది కాబట్టి ఆ రోజు ఎవరికీ తెలియదు, కొన్ని నెలలకి రంగు మార్చినప్పుడు బయటపడుతుంది.

అందుకని Primary ఎక్కువగా ఏ పనికి వాడారో చూసి, ఆ పేరుకే దాన్ని మార్చండి. నాకు బటన్లే ఎక్కువ కాబట్టి Primary ని button/fill గా మార్చాను. బటన్లన్నీ ఏ పనీ లేకుండా సరిపోయాయి. మిగతా మూడు పనులకి కొత్త స్టైల్స్ చేసి, లింక్, కార్డు, పట్టీ మెయిన్ కాంపొనెంట్లలో మాత్రం వాటిని తగిలించాను. ఇది మెయిన్ కాంపొనెంట్‌లో స్టైల్‌ని మార్చి పెట్టడం అన్నమాట. ఇందాక చెప్పిన ఓవర్‌రైడ్‌లు ఇన్‌స్టాన్స్‌ల మీద ఉంటే సరిగ్గా ఇక్కడే దెబ్బ కొడతాయి, అందుకే వాటిని ముందు శుభ్రం చేయమన్నాను.

10% అపాసిటీ సంగతి

కార్డు వెనక లేత రంగుకి చాలామంది మెయిన్ కలర్‌నే తీసుకుని అపాసిటీ తగ్గిస్తారు. దానికి స్టైల్ తగిలించగానే ఆ 10% పోయి కార్డు మొత్తం ముదురు నీలం అయిపోతుంది. ఎందుకంటే అపాసిటీ కూడా స్టైల్‌లో భాగమే, స్టైల్‌లో 100% ఉంటే లేయర్‌కి 100% వస్తుంది. కాబట్టి లేత రంగుకి విడిగా స్టైల్ కావాలి, నా జాబితాలో card/bg-tint అదే.

అందులో 10% నీలం పెట్టాలా, లేక తెలుపు మీద అది ఎలా కనిపిస్తుందో ఆ గట్టి రంగు పెట్టాలా? నేను గట్టి రంగే పెడతాను. #2563EB ని 10% తో తెలుపు మీద వేస్తే #E9EFFD వస్తుంది. పారదర్శకంగా ఉంచితే అదే కార్డు బూడిద రంగు పేజీ మీదకి వెళ్ళినప్పుడు మురికిగా కనిపిస్తుంది. పైగా దాని మీద అక్షరాలు చదవగలమా లేదా అన్నది లెక్కకట్టడం కష్టమవుతుంది.

హోవర్ రంగు కూడా అంతే. button/fill మార్చితే button/fill-hover తనంతట తను మారదు. ఒక కలర్ స్టైల్ ఇంకో కలర్ స్టైల్‌ని చూసి నడవదు, రెండూ చేత్తో మార్చాలి. మర్చిపోతే ప్రోటోటైప్‌లో టీల్ బటన్ మీద మౌస్ పెట్టగానే నీలం అవుతుంది. క్లయింట్‌కి చూపిస్తుండగా అది జరిగితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

Selection colors కి దొరకనివి

మూడు రకాలు ఆ పద్ధతిలో తేలిగ్గా సర్దుకోవు. నీడలు మొదటిది. బటన్ కింద నీలం ఛాయతో నీడ ఉంటే అది ఎఫెక్ట్ కింద లెక్క, దానికి కలర్ స్టైల్ తగిలించే వీలు లేదు. ఎఫెక్ట్ స్టైల్ విడిగా తెరిచి మార్చాలి. రెండోది గ్రేడియంట్. స్టైల్‌లో గ్రేడియంట్ ఉంటే అందులోని ఒక్కో రంగూ విడి కోడే, button/fill ని అనుసరించదు. మూడోది బొమ్మలు. PNG గా తెచ్చి పెట్టిన ఐకాన్‌లో నీలం ఉంటే అది ఫోటోతో సమానం, మళ్ళీ తయారు చేయించాల్సిందే.

వీటికి నేను వాడే చిట్కా ఒకటుంది. అన్నీ తగిలించడం అయ్యాక, లైబ్రరీ ఫైల్లో, అంటే స్టైల్స్ ఉన్న అసలు ఫైల్లో, మారాల్సిన స్టైల్స్ అన్నిటికీ తాత్కాలికంగా కళ్ళు చెదిరే #FF00FF వేయండి. జూమ్ తగ్గించి పేజీ మొత్తం చూడండి. గులాబీ సముద్రంలో నీలం ముక్క ఎక్కడున్నా ఇట్టే కనిపిస్తుంది. టీల్ వేసి చూస్తే ఇంత తేలిగ్గా దొరకదు, నీలం పక్కన టీల్‌ని కన్ను కలిపేసుకుంటుంది. చూశాక వెంటనే Ctrl+Z కొట్టేయండి. ఒకసారి నేను భోజనానికి వెళ్ళేముందు ఈ పరీక్ష చేసి వెనక్కి తీయడం మర్చిపోయాను. వచ్చేసరికి సహోద్యోగి వేరే మార్పుతో పాటు దాన్ని కూడా పబ్లిష్ చేసేశాడు. ఆ మధ్యాహ్నం అప్‌డేట్ తీసుకున్న ప్రతి డిజైన్ ఫైలూ గులాబీ రంగులో ఉంది. అప్పటి నుంచి పబ్లిష్ నొక్కేముందు వచ్చే మార్పుల జాబితాని ఒక్కో వరసా చదువుతాను.

ఈ పనంతా మొదలుపెట్టే ముందు ఫైల్ మెనూలో Save to version history తో ఒక పేరు పెట్టి దాచుకోండి. "రంగు మార్పుకి ముందు" అని నా ప్రతి ఫైల్లోనూ ఒకటి ఉంటుంది.

పక్క ఫైల్ ఎందుకు కదల్లేదు

స్టైల్‌ని ఎడిట్ చేయగానే మారేది ఆ ఫైల్ ఒక్కటే. వేరే ఫైళ్ళకి చేరాలంటే రెండు చేతులు మారాలి. స్టైల్ ఉన్న లైబ్రరీ ఫైల్లో Publish చేయాలి. తర్వాత వాడుతున్న ప్రతి ఫైల్లోనూ ఎవరో ఒకరు ఆ అప్‌డేట్ తీసుకోవాలి. ఫైల్ తెరిచినప్పుడు అప్‌డేట్ ఉందని చిన్న సందేశం వస్తుంది, అందులో Review నొక్కి చూసుకుని ఒప్పుకోవాలి. ఒప్పుకునేవాళ్ళకి ఆ ఫైల్లో ఎడిట్ అనుమతి ఉండాలి. సందేశాన్ని మూసేసి పని చేసుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువ, అందుకే "పబ్లిష్ చేశాను కదా, ఇంకా మారలేదేంటి" అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంటుంది.

ఇది ఇబ్బందిగా అనిపిస్తుంది కానీ నాకు ఇష్టమే. పోయిన ఏడాది పూర్తయిన ఫైళ్ళలో అప్‌డేట్ తీసుకోకపోతే అవి ఆ రోజు యాప్ ఎలా ఉండేదో అలాగే నిలిచి ఉంటాయి.

పబ్లిష్ చేసి, అప్‌డేట్ తీసుకున్నా మారకపోతే, బహుశా లైబ్రరీ ఫైల్‌ని ఎవరో డూప్లికేట్ చేసి పని మొదలుపెట్టి ఉంటారు. నకలులోని Primary కి అసలు Primary తో సంబంధం లేదు, పేరొక్కటే ఒకటి. ఎలా తెలుస్తుందంటే, ఖాళీ కాన్వాస్ మీద నొక్కినప్పుడు కుడి ప్యానెల్‌లో Styles కింద Primary కనిపించిందంటే ఆ స్టైల్ ఆ ఫైల్‌కే సొంతం, లైబ్రరీ నుంచి వచ్చింది కాదు. కొన్నిసార్లు Selection colors‌లో ఒకే పేరు రెండు వరసల్లో కనిపిస్తుంది, అది కూడా ఇదే గుర్తు. అప్పుడు లైబ్రరీ స్టైల్‌ని ఎంచుకుని ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టాలి. ఇక్కడ కూడా ముందు కాంపొనెంట్లు, తర్వాత స్క్రీన్లు.

మొదటి పబ్లిష్ తర్వాత, అంటే రంగు ఇంకా నీలంగానే ఉన్నప్పుడు, వాడుతున్న ఫైళ్ళలో అప్‌డేట్ తీసుకుని స్క్రీన్లు ఒకసారి తిరగేయండి. ఏమీ మారి ఉండకూడదు. అదే మీ పరీక్ష.

ఇప్పుడు రంగు

అర నిమిషం పని అన్నాను కదా, దానికి ముందు ఒక లెక్క చూడాలి. నాకు ఇచ్చిన టీల్ #0D9488. చూడ్డానికి బాగుంది. దాని మీద తెల్ల అక్షరాలు పెడితే కాంట్రాస్ట్ 3.74 వచ్చింది. వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన WCAG ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకి, బటన్ గీతల్లాంటివాటికి 3 చాలు. పాత నీలం #2563EB మీద తెలుపు 5.17 ఉండేది. అంటే చెప్పిన రంగు చెప్పినట్టు వేసి ఉంటే ప్రతి బటన్ మీదా అక్షరాలు పాతదానికన్నా మసకగా, ప్రమాణానికి తక్కువగా ఉండేవి. అదీ ఒకేసారి అన్ని చోట్లా. ఒకే దెబ్బకి అంతా మారడంలో ఉన్న ఇబ్బంది ఇదే, తప్పు కూడా ఒకే దెబ్బకి అంతటా పాకుతుంది.

ఒక మెట్టు ముదురు టీల్ #0F766E తీసుకుంటే తెలుపుతో 5.47 వచ్చింది. హోవర్‌కి #115E59 పెట్టాను, అది 7.58. లేత రంగుకి 10% లెక్కతో #E7F1F0. ఆ లేత కార్డు మీద text/link టీల్‌లో ఉంటే కాంట్రాస్ట్ సుమారు 4.75 కి దిగుతుంది. గీత దాటింది కానీ కొద్దిగానే, అందుకే లేత రంగుని ఇంకాస్త ముదురు చేద్దామన్నప్పుడు నేను ఒప్పుకోలేదు. లోగోలో మాత్రం #0D9488 అలాగే ఉంచాం, దాని మీద అక్షరాలు లేవు కాబట్టి గొడవ లేదు.

తర్వాత ఖాళీ కాన్వాస్ మీద నొక్కి, కుడి ప్యానెల్‌లో స్టైల్ పేరు మీద రైట్ క్లిక్ చేసి Edit style, హెక్స్ మార్చడం. ఇలా ఐదు స్టైల్స్. info/bg ముట్టుకోలేదు. పబ్లిష్ చేసేటప్పుడు జాబితాలో సరిగ్గా ఐదు స్టైల్స్ మాత్రమే మారినట్టు చూపించాలి. ఆరోది ఏదైనా కనిపిస్తే ఆగి అదేంటో చూడండి. వివరణ రాసే చోట పాత కోడ్, కొత్త కోడ్ రెండూ రాయండి, డెవలపర్లు మిమ్మల్ని విడిగా అడగరు.

డెవలపర్ల మాట వచ్చింది కాబట్టి, ఫిగ్మాలో మారితే అసలు యాప్ మారదు. కోడ్‌లో కూడా ఇవే పేర్లు ఉంటే వాళ్ళ పని కూడా ఇంతే చిన్నది:

```css
:root {
  --button-fill: #0F766E;
  --button-fill-hover: #115E59;
  --card-bg-tint: #E7F1F0;
}
```

వాళ్ళ దగ్గర కూడా హెక్స్ కోడ్ వందచోట్ల నేరుగా రాసి ఉంటే, మీరు ఇప్పుడు పడ్డ పాట్లే వాళ్ళూ పడాలి. తేదీ ఒప్పుకునే ముందు ఒకసారి కనుక్కోండి.

స్టైల్స్ బదులు వేరియబుల్స్ వాడాలా?

ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది కాబట్టి చెబుతున్నాను. ఫిగ్మాలో 2023 నుంచి వేరియబుల్స్ ఉన్నాయి. స్టైల్ చేయలేనిది అవి చేస్తాయి. ఒక వేరియబుల్ ఇంకో వేరియబుల్‌ని చూపించగలదు. అంటే teal/700 అని ఒకటి పెట్టి button/fill, text/link, card/border-selected మూడూ దాన్ని చూసేలా చేస్తే, మూడు చోట్ల బదులు ఒకచోట మార్చితే చాలు. లైట్, డార్క్ అని మోడ్‌లు పెట్టుకోవచ్చు. నీడల రంగుకి, గ్రేడియంట్‌లోని రంగులకి కూడా వేరియబుల్ తగిలించవచ్చు. మరోవైపు, ఒక కలర్ వేరియబుల్‌లో ఒక్క రంగే పడుతుంది, మొత్తం గ్రేడియంట్‌ని ఒక పేరుతో దాచాలంటే స్టైలే కావాలి.

డార్క్ మోడ్ ఆలోచన లేకపోతే, ఈ గడువులో మీరు వేరియబుల్స్ జోలికి వెళ్ళొద్దు. రంగు మార్పు, వ్యవస్థ మార్పు రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఏది ఎక్కడ చెడిందో దొరకదు. తర్వాత కావాలనుకుంటే దారి మూసుకుపోదు. ఉన్న కలర్ స్టైల్‌ని ఎడిట్ చేసి, అందులో హెక్స్ బదులు వేరియబుల్ పెట్టవచ్చు. లేయర్లు అదే స్టైల్‌ని పట్టుకుని ఉంటాయి, స్టైల్ వేరియబుల్‌ని పట్టుకుంటుంది. మళ్ళీ ఒక్కో బటన్ దగ్గరికి వెళ్ళక్కర్లేదు.

మీ సంగతికి వస్తే, ముందు కార్డు మెయిన్ కాంపొనెంట్ తెరిచి దాని నేపథ్యానికి Selection colors‌లో పేరుందా, కోడ్ ఉందా చూడండి. కోడ్ పక్కన 100% కాక వేరే శాతం ఉంటే ఆ సంఖ్య, పక్క ఫైల్లో Styles కింద Primary కనిపిస్తోందో లేదో, ఈ రెండూ ఇక్కడ రాస్తే మిగతాది చూద్దాం.